పొగకు ధర ఎలా కడతారు? బాహ్యతలు, కార్బన్ పన్ను, క్యాప్ అండ్ ట్రేడ్‌పై డిగ్రీ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్యావరణ అర్థశాస్త్రం పాఠం మొదలుపెట్టిన ప్రతి ఏడాదీ క్లాసులో దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. నిర్వచనాలు అందరూ అప్పజెప్తారు. కానీ "పన్ను వేస్తే పొగ ఎందుకు తగ్గుతుంది, డబ్బు కట్టి వదులుకోవచ్చు కదా" అని ఎవరైనా అడిగితే చాలామంది ఆగిపోతారు. లెక్క వేసి చూడకపోవడమే దానికి కారణమని నా నమ్మకం. అందుకే ఇక్కడ రెండు మిల్లుల లెక్క ఒకటి తీసుకుని దాన్నే చివరిదాకా వాడాను. ఆ మిల్లులు, వాటి అంకెలు ఊహించుకున్నవి. సూరత్, యూరప్, మన బొగ్గు సెస్సు గురించి చెప్పినవి మాత్రం జరిగినవి.

1. బాహ్యత అంటే సూటిగా ఏమిటి?

గోదావరి డెల్టాలో వరి చేల మధ్య ఒక రైతు రొయ్యల చెరువు తవ్వాడనుకోండి. ఉప్పునీరు గట్టు కిందుగా పక్క చేలోకి ఊరుతుంది. రెండు మూడు పంటలు తిరిగేసరికి ఆ చేలో దిగుబడి పడిపోతుంది. చెరువు రైతు ఖర్చుల పుస్తకం తీసి చూస్తే సీడ్, మేత, ఏరేటర్ల కరెంటు, కూలీలు అన్నీ ఉంటాయి. పక్క చేలో తగ్గిన బస్తాలు మాత్రం ఎక్కడా కనిపించవు. ఒకరు చేసే పనివల్ల మరొకరికి జరిగే నష్టం, చేసినవాడి లెక్కలోకి రాకుండా బయటే ఉండిపోతే దాన్ని ప్రతికూల బాహ్యత అంటారు. మేలు జరిగి, దానికి డబ్బు ముట్టకపోతే అనుకూల బాహ్యత. పొద్దుతిరుగుడు చేను పక్కన ఎవరో తేనెపెట్టెలు పెట్టుకుంటే చేనుకు గింజ బాగా కడుతుంది కదా, అలాంటిది.

2. రొయ్యల వల్ల ఊళ్ళో కౌలు రేట్లు పెరిగాయి. అది కూడా బాహ్యతేనా?

కాదు. ఇక్కడ చాలామంది తప్పు రాస్తారు. కౌలు పెరిగితే కౌలుకు తీసుకునేవాడు నష్టపోతాడు, భూమి ఉన్నవాడు అంతే లాభపడతాడు. ఆ మార్పు ధర రూపంలో వచ్చింది, అందరి లెక్కలోకీ వచ్చింది. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. చేలోకి ఊరిన ఉప్పుకు అసలు ధరే లేదు. మార్కెట్ విఫలమైంది అని మనం అనేది అలా ధర లేని చోటనే.

3. పాఠ్యపుస్తకంలోని బాహ్యత బొమ్మలో రెండు ఖర్చు రేఖలు ఎందుకు గీస్తారు?

కింది రేఖ ఉపాంత ప్రైవేటు వ్యయం. అంటే ఇంకో టన్ను సరుకు తయారు చేయడానికి మిల్లు తన జేబులోంచి పెట్టే ఖర్చు. దానికి ఆ టన్ను వల్ల ఊరికి జరిగే నష్టం కలిపితే పై రేఖ, ఉపాంత సామాజిక వ్యయం. గిరాకీ రేఖ కింది రేఖను తాకిన చోట మార్కెట్ ఆగుతుంది. పై రేఖను తాకిన చోట ఆగితే సమాజానికి మేలు. ఈ రెండు చోట్ల మధ్య తయారైన ప్రతి టన్నుకూ కొనేవాడికి దక్కే విలువ కంటే అందరూ కలిసి భరించే ఖర్చే ఎక్కువ. రేఖల మధ్య చిక్కుకున్న ఆ త్రిభుజమే సంక్షేమ నష్టం. రెండు రేఖల మధ్య ఉన్న ఎడమెంతో అంత పన్ను వేస్తే మిల్లు తనంతట తానే సరైన చోట ఆగుతుందని కేంబ్రిడ్జి ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లో చెప్పాడు. పిగూ పన్ను అన్న పేరు అలా వచ్చింది. ఆ ఎడం కొలవాల్సింది సరైన ఉత్పత్తి స్థాయి దగ్గర. మార్కెట్ ప్రస్తుతం ఉన్న స్థాయి దగ్గర కాదు. పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

4. కాలుష్యం చెడ్డదైతే పూర్తిగా ఆపేయొచ్చు కదా?

మొదటి టన్ను పొగ ఆపడం చవక. మిల్లు బాయిలర్‌ను సరిగ్గా నడిపితే, ఫిల్టర్ సంచులు సమయానికి మారిస్తే చాలు. ఆ తర్వాతి టన్నుకు కొత్త యంత్రం కావాలి. ఆఖరి టన్ను ఆపాలంటే మిల్లు మూసేయాలి. మూసేస్తే పోయే జీతాలూ సరుకూ కూడా సమాజానివే. అందుకే ఇంకో టన్ను ఆపడానికి అయ్యే ఖర్చు, ఆ టన్ను చేసే నష్టానికి సమానమయ్యే దాకా తగ్గించాలి అంటుంది అర్థశాస్త్రం. నష్టం మరీ ఎక్కువైతే ఆ లెక్కే మనల్ని సున్నా దాకా తీసుకెళ్తుంది. పెట్రోలులో సీసం విషయంలో అలాగే జరిగింది. చివరికి దాన్ని పూర్తిగా తీసేశారు.

5. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే సరిపోదా? ప్రభుత్వం ఎందుకు?

ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1960లో అడిగింది ఈ ప్రశ్నే. మన చెరువు దగ్గరికే వెళ్దాం. చెరువు చుట్టూ లోతుగా కాలువ తవ్వితే ఉప్పు ఆగుతుంది, దానికి 30,000 రూపాయలు అవుతుంది అనుకుందాం. వరి రైతుకు జరిగే నష్టం 50,000. హక్కు వరి రైతుదైతే, నష్టపరిహారం కట్టడం కంటే కాలువ తవ్వడమే చెరువు రైతుకు మేలు. హక్కు చెరువు రైతుదైతే, వరి రైతే ఏ 35,000 చేతిలో పెట్టి కాలువ తవ్వించుకుంటాడు. ఎటు చూసినా కాలువ పడుతుంది. మారేది డబ్బు ఎవరి జేబులోంచి పోతుందన్నదే.

ఇది జరగాలంటే హక్కు ఎవరిదో ముందే తేలాలి, బేరానికి పెద్దగా ఖర్చు కాకూడదు. పక్కపక్క రైతులు ఇద్దరి మధ్య ఇది కుదరొచ్చు. ఒక థర్మల్ కేంద్రం చుట్టూ లక్షల మంది ఉంటారు. ఎవరికెంత నష్టమో ఎవరికీ తెలియదు, ఎవరో ఒకరు మాట్లాడతారులే అని అందరూ ఊరుకుంటారు. కార్బన్ డయాక్సైడ్ విషయానికొస్తే నష్టపోయేవాళ్ళలో చాలామంది ఇంకా పుట్టనైనా లేదు. వాళ్ళు బేరానికి ఎలా వస్తారు? కోస్ కూడా బేరం ఖర్చులను పట్టించుకోమనే చెప్పాడు. "ప్రభుత్వం అక్కర్లేదని కోస్ అన్నాడు" అని రాయడం ఆయనకు అన్యాయం చేయడమే.

6. అందరినీ సమానంగా తగ్గించమంటే న్యాయంగా ఉంటుంది కదా? మధ్యలో ఈ మార్కెట్ ఎందుకు?

ఇప్పుడు ఆ రెండు మిల్లుల లెక్క చూద్దాం. కాగితం మీద మీరూ వేసుకుంటూ రండి.

పాత మిల్లు, కొత్త మిల్లు అని రెండున్నాయి. రెండూ నెలకు చెరో 10 టన్నుల పొగ వదులుతున్నాయి. పాత మిల్లు ఇప్పటిదాకా ఏ జాగ్రత్తా తీసుకోలేదు కాబట్టి తగ్గించడం దానికి చవక. మొదటి టన్నుకు 1,000 రూపాయలు, రెండోదానికి 2,000, మూడోదానికి 3,000, ఇలా పెరుగుతూ పోతుంది. కొత్త మిల్లు పెద్దది, మంచి ఫిల్టర్లు ముందే పెట్టుకుంది. ఇంకా తగ్గించాలంటే దానికి మొదటి టన్నుకు 3,000, రెండోదానికి 6,000, మూడోదానికి 9,000, నాలుగోదానికి 12,000 అవుతుంది. మొత్తం 20 టన్నుల్లో 8 తగ్గించాలని ప్రభుత్వం అనుకుంది.

చెరో 4 టన్నులు తగ్గించమని ఆర్డరు వేస్తే పాత మిల్లుకు 1,000 + 2,000 + 3,000 + 4,000, అంటే 10,000 ఖర్చు. కొత్త మిల్లుకు 3,000 + 6,000 + 9,000 + 12,000, అంటే 30,000. మొత్తం 40,000.

అదే 8 టన్నుల్లో పాత మిల్లు 6, కొత్త మిల్లు 2 తగ్గిస్తే? పాత మిల్లు ఖర్చు 21,000, కొత్తదాని ఖర్చు 9,000. మొత్తం 30,000. ఊరికి వచ్చే గాలి అదే, ఖర్చులో నాలుగో వంతు మిగిలింది. ఆఖరున తగ్గించిన టన్నుకు ఇద్దరికీ 6,000 చొప్పునే అయిందని గమనించండి. ఉపాంత వ్యయాలు సమానమైనప్పుడు మొత్తం ఖర్చు కనిష్ఠం అనే సూత్రానికి అర్థం ఇదే.

మరి ఈ 6, 2 పంపకం ప్రభుత్వమే చెప్పేయొచ్చు కదా? చెప్పొచ్చు, ప్రతి మిల్లు లోపలి ఖర్చులూ దానికి తెలిస్తే. మిల్లులు ఆ ఖర్చులు నిజం చెప్పవు. "మాకు చాలా కష్టం, వాళ్ళను తగ్గించమనండి" అని ఇద్దరూ అంటారు. పన్నూ, పొగ వదలడానికి అనుమతి పత్రాలైన పర్మిట్లూ పుట్టింది ఈ చిక్కు విప్పడానికే. ఎవరి ఖర్చెంతో తెలియకపోయినా ఆ 6, 2 పంపకం వాటంతట అదే వస్తుంది.

7. పన్ను వేస్తే ఆ పంపకం ఎలా వస్తుంది? డబ్బు కట్టి పొగ వదులుకోవచ్చు కదా?

టన్నుకు 6,500 రూపాయల పన్ను వేద్దాం. పాత మిల్లు యజమాని ప్రతి టన్ను దగ్గరా తగ్గించడం చవకా, కట్టడం చవకా అని చూసుకుంటాడు. ఆరో టన్ను తగ్గించడానికి 6,000, పన్ను 6,500. తగ్గిస్తాడు. ఏడోదానికి 7,000 అవుతుంది. అక్కడ ఆగి, మిగిలిన 4 టన్నులకు పన్ను కట్టేస్తాడు. కొత్త మిల్లు రెండో టన్ను దాకా తగ్గించి, మూడోది 9,000 కాబట్టి ఆగిపోయి 8 టన్నులకు పన్ను కడుతుంది. మొత్తం 8 టన్నులు తగ్గాయి. ప్రభుత్వానికి ఎవరి ఖర్చులూ తెలియాల్సిన పని పడలేదు.

డబ్బు కట్టి వదులుకోవచ్చు, నిజమే. అయితే వదిలిన ప్రతి టన్నుకూ కట్టాలి. ఆర్డరు కింద 6 టన్నులకు దిగిన మిల్లుకు ఇంకా తగ్గించాలన్న కోరిక పుట్టదు. పన్ను కింద ఆ 6 టన్నులూ నెల నెలా ఖర్చే. చవకగా తగ్గించే పద్ధతి ఎక్కడైనా దొరుకుతుందా అని వెతకడానికి అదే కారణమవుతుంది.

8. మరి క్యాప్ అండ్ ట్రేడ్‌లో తేడా ఏమిటి?

ఇక్కడ ప్రభుత్వం ధర చెప్పదు, పరిమాణం చెప్తుంది. 12 టన్నులకు మించి పొగ వద్దని 12 పర్మిట్లు ముద్రించి, చెరో 6 ఇచ్చిందనుకోండి. ఎన్ని పర్మిట్లు చేతిలో ఉంటే అన్ని టన్నులే వదలాలి.

కొత్త మిల్లు 4 టన్నులు తగ్గించాలి, నాలుగోదానికి 12,000 అవుతుంది. అంతకంటే తక్కువకు ఎవరైనా పర్మిట్ అమ్మితే కొంటుంది. పాత మిల్లుకు ఐదో టన్ను తగ్గించడానికి 5,000 చాలు. అలా ఒక పర్మిట్ మిగిల్చి అమ్ముకోవచ్చు. బేరం కుదరకుండా ఎలా ఉంటుంది? రెండు పర్మిట్లు 6,500 చొప్పున చేతులు మారాయనుకుందాం. పాత మిల్లుకు 13,000 వచ్చింది. అదనంగా 5,000 + 6,000, అంటే 11,000 ఖర్చయింది. 2,000 మిగులు. కొత్త మిల్లు 13,000 ఇచ్చి, 12,000 + 9,000, అంటే 21,000 ఖర్చు తప్పించుకుంది. దానికి 8,000 మిగులు. రెండు మిగుళ్ళూ కలిపితే 10,000. ఆర్డరు పద్ధతికీ చవక పద్ధతికీ మధ్య ఇందాక మనం చూసిన తేడా సరిగ్గా ఇంతే.

పంపకం మళ్ళీ 6, 2. పన్నుతో వచ్చిందీ ఇదే. ఖర్చులు కచ్చితంగా తెలిసినంతవరకూ రెండు పద్ధతులూ ఒకే చోటికి చేరతాయి.

9. పర్మిట్లు ఉచితంగా ఇస్తే ఇక కాలుష్యానికి ధర ఎక్కడిది?

మీ పొలంలో పండిన బియ్యం ఇంట్లో వండుకుంటే అవి ఉచితమా? బజార్లో అమ్మితే వచ్చే డబ్బు వదులుకుంటున్నారు. పర్మిట్ కూడా అంతే. చేతిలో ఉన్న పర్మిట్ వాడేసుకుంటే 6,500 వదులుకున్నట్టే. అందుకే 12 పర్మిట్లూ పాత మిల్లుకే ఇచ్చినా పంపకం మారదు. అది 8 అమ్ముకుని 4 వాడుకుంటుంది. మారేది ఎవరు ధనవంతులవుతారన్నదే.

ఆ మారేది చిన్న విషయం కాదు. యూరప్ కార్బన్ మార్కెట్ 2005లో మొదలైనప్పుడు విద్యుత్ కంపెనీలకు పర్మిట్లు చాలావరకు ఉచితంగా ఇచ్చారు. ఆ కంపెనీలు పర్మిట్ మార్కెట్ ధరను కరెంటు రేటులో కలిపి వసూలు చేసి, అయాచిత లాభాలు వెనకేసుకున్నాయి. పాఠ్యపుస్తకం చెప్పినట్టే ప్రవర్తించాయి, బిల్లు మాత్రం జనానికి పడింది. 2013 నుంచి విద్యుత్ రంగానికి వేలమే ప్రధాన పద్ధతి అయింది. నా మటుకు వేలమే సరైనది. గాలి ఎవరి సొత్తూ కాదు కాబట్టి దాన్ని వాడుకున్నందుకు వచ్చే డబ్బు ఖజానాకు రావాలి.

10. రెండూ ఒకటే అయితే ఏది ఎంచుకోవాలి?

ఖర్చులు కచ్చితంగా తెలియవు కాబట్టి రెండూ ఒకటి కావు. ప్రభుత్వం ఖర్చును తక్కువ అంచనా వేసి 3,500 పన్నే పెట్టిందనుకోండి. పాత మిల్లు 3 టన్నులు, కొత్తది 1 తగ్గించి ఆగిపోతాయి. 8 అనుకుంటే 4 తగ్గింది. పన్నులో ధర ఖాయం, పరిమాణం చేజారుతుంది. ఇప్పుడు తగ్గించే ఖర్చులు అనుకున్నదానికి రెట్టింపు ఉన్నాయనుకోండి. 12 పర్మిట్ల పద్ధతిలో పొగ 12 దాటదు, కానీ పర్మిట్ ధర 6,500 నుంచి 13,000 అవుతుంది. క్యాప్‌లో పరిమాణం ఖాయం, ధర చేజారుతుంది.

ఏ పొరపాటు ఎక్కువ ప్రమాదం? ఆర్థికవేత్త మార్టిన్ వైట్జ్‌మన్ 1974లో జవాబు చెప్పాడు. నష్టం ఒక గీత దాటగానే ఒక్కసారిగా పెరిగిపోయేదైతే పరిమాణాన్ని పట్టుకోండి. నదిలో కరిగిన ఆక్సిజన్ ఒక స్థాయికి పడిపోతే చేపలన్నీ చచ్చిపోతాయి. అక్కడ పన్నువేసి చూద్దాం అనడం కుదరదు. నష్టం టన్ను టన్నుకూ దాదాపు ఒకేలా ఉంటే ధరను పట్టుకోండి. కార్బన్ డయాక్సైడ్ వాతావరణంలో వందల ఏళ్ళు పేరుకుంటుంది. ఒక ఏడాది కొంచెం ఎక్కువ వదిలితే మొత్తం నిల్వలో అది చిన్న భాగం. అందుకే చాలామంది ఆర్థికవేత్తలు కార్బన్‌కు పన్నువైపు మొగ్గుతారు. రాజకీయ నాయకులు మాత్రం క్యాప్‌నే ఇష్టపడతారు. అందులో పన్ను అన్న మాట ఉండదు, ఉచిత పర్మిట్లతో పరిశ్రమను ఒప్పించవచ్చు.

నిజ జీవితంలో రెండింటినీ కలుపుతారు. పర్మిట్ ధరకు కింద ఒక నేల, పైన ఒక కప్పు పెడతారు. సూరత్‌లో చేసింది అదే.

11. యూరప్ మార్కెట్ 2006లో ఎందుకు కుప్పకూలింది?

కొలవకుండా పర్మిట్లు పంచడం వల్ల. 2005కు ముందు ఏ ఫ్యాక్టరీ ఎంత వదులుతోందో సరైన లెక్కలు లేవు. కంపెనీలు చెప్పిన అంచనాలు తీసుకుని దేశాలు ఉదారంగా పర్మిట్లు ఇచ్చేశాయి. 2006 ఏప్రిల్‌లో నిజమైన లెక్కలు బయటికి వచ్చేసరికి, వదిలిన పొగకంటే పర్మిట్లే ఎక్కువని తేలింది. టన్నుకు 30 యూరోల దరిదాపుల్లో ఉన్న ధర కొద్ది రోజుల్లో సగానికి పడింది. పైగా 2005 నుంచి 2007 దాకా నడిచిన మొదటి దశ పర్మిట్లు 2007 తర్వాతి పొగకు చెల్లవు, దాచుకునే వీల్లేదు. దాంతో 2007 చివరికి ధర దాదాపు సున్నా.

మార్కెట్‌లో క్యాప్ నిజంగా ఉందా లేదా తెలుసుకోవాలంటే అధికారుల ప్రసంగాలు వినక్కర్లేదు, పర్మిట్ ధర చూడండి. సున్నాకు దగ్గర్లో ఉంటే ఆ క్యాప్ ఎవరినీ ఆపడం లేదు. తర్వాత యూరప్ తప్పు దిద్దుకుంది. మిగులు పర్మిట్లను పక్కకు లాగే నిల్వ విధానం 2019లో మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరిలో ధర 100 యూరోలు తాకింది.

12. మన దేశంలో ఇలాంటిది ఎక్కడైనా పనిచేసిందా?

పనిచేసింది, సూరత్‌లో. పన్ను, పర్మిట్లు ధనిక దేశాలకే సాధ్యమనే మాట క్లాసులో తరచూ వింటాను. అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్తాను.

సూరత్ బట్టల మిల్లుల్లో అద్దకం, ప్రింటింగుకు ఆవిరి కావాలి. దానికోసం బాయిలర్లలో బొగ్గు, లిగ్నైట్ కాలుస్తారు. చిమ్నీలోంచి సన్నటి ధూళి వస్తుంది. పాత నిబంధన ఒక ఘనపు మీటరు పొగలో ఇంతకు మించి ధూళి ఉండకూడదనేది. ఇన్‌స్పెక్టరు ఎప్పుడో ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి శాంపిల్ తీసేవాడు. తప్పు దొరికితే మూసివేత, లేదా కోర్టు కేసు. శిక్ష అంత పెద్దది కావడంతో చాలాసార్లు వేసేవారే కాదు. మొత్తం ఎన్ని కిలోలు వదిలారన్నది ఎవరూ లెక్కపెట్టలేదు.

2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ఇక్కడ ధూళి మార్కెట్ మొదలుపెట్టింది. మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ ర్యాన్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు దాని రూపకల్పనలో, పరిశీలనలో పనిచేశారు. 317 మిల్లులను తీసుకుని లాటరీ వేశారు. 162 మార్కెట్‌లోకి వచ్చాయి, మిగిలినవి పాత నిబంధనల కిందే ఉన్నాయి. మందును పరీక్షించేటప్పుడు రోగులను రెండు గుంపులు చేస్తారు కదా, అలాగన్నమాట. అన్ని చిమ్నీల్లోనూ ధూళిని ఆగకుండా కొలిచే యంత్రాలు పెట్టారు. ఒక పర్మిట్ అంటే ఒక కిలో ధూళి. 80 శాతం పర్మిట్లు ఉచితం, 20 శాతం వేలం. ధర కిలోకు 5 రూపాయల కిందికి పోకుండా, 100 దాటకుండా కట్టడి చేశారు. గడువు ముగిసేనాటికి పర్మిట్లు తక్కువైతే కిలోకు 200 రూపాయలు. అది ముందే కట్టించుకున్న డిపాజిట్‌లోంచి కోస్తారు. కోర్టు చుట్టూ తిరగాల్సిన పనిలేదు.

ఫలితం: మార్కెట్‌లో ఉన్న మిల్లుల ధూళి, బయట ఉన్నవాటితో పోలిస్తే 20 నుంచి 30 శాతం తగ్గింది. వదిలిన ధూళిలో 99 శాతానికి పర్మిట్లు చూపించారు. తగ్గించే ఖర్చు కూడా పెరగలేదు, పైగా తగ్గింది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఆ డిపాజిట్. మూసివేతలాంటి పెద్ద శిక్షను ఎప్పుడో ఒకసారి వేయడం కంటే, చిన్న జరిమానాను ప్రతిసారీ, వాదన లేకుండా వేయడం మిల్లుల ప్రవర్తనను మార్చింది.

13. సూరత్ పద్ధతిలో లోపాలు లేవా?

రెండు ఉన్నాయి, రెండూ ముఖ్యమే. మొదటిది చోటుకు సంబంధించింది. కార్బన్ డయాక్సైడ్ రామగుండంలో వదిలినా రోటర్‌డామ్‌లో వదిలినా భూమికి ఒకటే. ధూళి అలా కాదు, చిమ్నీ పక్క వీధిలోనే ఎక్కువ పడుతుంది. మన లెక్కలో కొత్త మిల్లు 8 టన్నులు వదులుతోంది గుర్తుందా? ఆ మిల్లు బడి పక్కన ఉంటే మొత్తం తగ్గిందన్న మాట ఆ పిల్లలకు ఊరట కాదు. అందుకే స్థానిక కాలుష్యాల్లో మార్కెట్‌తోపాటు ఏ చిమ్నీకి ఆ చిమ్నీకి గరిష్ఠ పరిమితి కూడా ఉంచాలి.

రెండోది కొలత. యంత్రం సరిగ్గా సరిచేయకపోతే తక్కువ చూపిస్తుంది. ఎక్కువ పొగ వచ్చే గంటల్లోనే కనెక్షన్ పోయినట్టు చూపించడమూ ఒక ఎత్తు. అమెరికాలో ఆమ్లవర్షాలను ఆపడానికి 1995లో మొదలైన సల్ఫర్ డయాక్సైడ్ మార్కెట్ దీనికి మంచి విరుగుడు కనిపెట్టింది. డేటా రాని గంటలకు సున్నా వేయరు, ఎక్కువ అంచనా వేస్తారు. డేటా ఎంత ఎక్కువసేపు పోతే అంచనా అంత కఠినం. దాంతో యంత్రం పనిచేసేలా చూసుకోవడం ఫ్యాక్టరీకే లాభం.

14. భారత్‌లో కార్బన్ పన్ను ఉందా?

ఆ పేరుతో లేదు. దానికి దగ్గరగా వచ్చింది బొగ్గు సెస్సు. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయలతో మొదలై, 2014లో 100, 2015లో 200, 2016లో 400 అయింది. టన్ను బొగ్గు కాలిస్తే సుమారు టన్నున్నర కంటే కాస్త ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ లెక్కన 400 రూపాయల సెస్సు అంటే టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఇంచుమించు 250 రూపాయలు. మొదట ఈ డబ్బు స్వచ్ఛ ఇంధన నిధికి అన్నారు. 2017లో జీఎస్టీ వచ్చాక ఇది రాష్ట్రాలకు పరిహారం ఇచ్చే సెస్సులో కలిసిపోయింది.

2025 సెప్టెంబరు 22 నుంచి ఆ 400 కూడా తీసేసి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పన్ను పన్నే కదా అనుకోకండి, లెక్క చూడండి. టన్ను 1,500 రూపాయల బొగ్గు మీద ఇంతకుముందు 75 + 400, అంటే 475 పడేది. ఇప్పుడు 270. టన్ను 4,000 రూపాయల బొగ్గు మీద అప్పుడు 600, ఇప్పుడు 720. చవక బొగ్గు మీద భారం తగ్గింది, ఖరీదైనదాని మీద పెరిగింది. అంటే పన్ను ఇప్పుడు ధరను అనుసరిస్తోంది, కార్బన్‌ను కాదు. ఇంకో సంగతి ఉంది. సిమెంటు కంపెనీ బొగ్గుపై కట్టిన జీఎస్టీని సిమెంటుపై కట్టాల్సిన జీఎస్టీలో సర్దుకోవచ్చు. అంటే దాని మీద బొగ్గు పన్ను ప్రభావం దాదాపు మిగలదు. కరెంటుకు జీఎస్టీ లేదు కాబట్టి థర్మల్ కేంద్రానికి ఆ సర్దుబాటు లేదు, భారం నిలుస్తుంది. బాహ్యతను సరిచేసే పన్ను అలా వాపసు వచ్చేది కాకూడదు. పాత సెస్సులో ఎన్ని లోపాలున్నా ఈ ఒక్క గుణం ఉండేది.

15. కార్బన్ పన్ను పేదలను దెబ్బతీయదా?

డబ్బు ఎటు పోతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఇంధనాలపై కార్బన్ పన్ను పెంచుతూ పోయారు. బస్సు లేని ఊళ్ళ నుంచి కారులో పనికి వెళ్ళేవాళ్ళకు తిరిగి ఏమీ రాలేదు. 2018 నవంబరులో పసుపు జాకెట్లు వేసుకుని రోడ్లెక్కారు, పెంపు ఆగిపోయింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2008లో టన్నుకు 10 డాలర్లతో మొదలుపెట్టి, 2012కు 30 చేసింది. ఆ డబ్బును ఆదాయపు పన్ను తగ్గింపులుగా, పేద కుటుంబాలకు నగదుగా తిరిగిచ్చింది. అలా ఏళ్ళ తరబడి నడిచింది. అయినా 2025 ఏప్రిల్‌లో వినియోగదారులపై ఆ పన్ను ఎత్తేశారు. డబ్బు తిరిగి ఇవ్వడమే కాదు, ఇచ్చినట్టు జనానికి కనిపించాలి కూడా. బంకులో పెరిగిన రేటు రోజూ కనిపిస్తుంది, ఖాతాలో పడిన డబ్బు గుర్తుండదు.

16. ఇప్పుడు వస్తున్న భారత కార్బన్ మార్కెట్ క్యాప్ అండ్ ట్రేడేనా?

కాదు, పేరు చూసి మోసపోకండి. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని ప్రకటించారు. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ, కాగితం రంగాలకు మొదటి లక్ష్యాలు వచ్చాయి. ఆ లక్ష్యాలు మొత్తం పొగమీద కాదు, టన్ను సరుకుకు ఎంత పొగ అన్నదాని మీద. దీన్ని తీవ్రత లక్ష్యం అంటారు.

ఊహించుకున్న సిమెంటు ఫ్యాక్టరీ ఒకటి తీసుకుందాం. లక్ష్యం టన్ను సిమెంటుకు 0.60 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అది 10 లక్షల టన్నులు తయారు చేసి, టన్నుకు 0.62 వదిలింది. తేడా 0.02, అంటే 20,000 సర్టిఫికెట్లు కొనాలి. 0.58 వదిలి ఉంటే 20,000 అమ్ముకునేది. ఇంతవరకూ మన మిల్లుల కథే. ఇప్పుడు అదే ఫ్యాక్టరీ ఉత్పత్తిని 20 లక్షల టన్నులు చేసి, కచ్చితంగా 0.60 దగ్గర నిలిచిందనుకోండి. పొగ 6.2 లక్షల టన్నుల నుంచి 12 లక్షలకు పెరిగింది, ఒక్క సర్టిఫికెట్ కూడా కొననక్కర్లేదు. క్యాప్ ఉంటే ఇది కుదరదు.

ఇంకా ఇళ్ళూ రోడ్లూ కట్టుకోవాల్సిన దేశం ఉత్పత్తికి కళ్ళెం వేయలేననడంలో న్యాయం ఉంది. కానీ అర్థశాస్త్రం చదివేవాళ్ళు దాని ఖర్చు కూడా చూడాలి. ప్రతి అదనపు టన్ను సిమెంటుతో 0.60 టన్నుల పొగకు ఉచిత అనుమతి కూడా వస్తోంది. అంటే ఉత్పత్తికి లోపాయికారీ సబ్సిడీ. సిమెంటు ధరలో పొగ ధర పూర్తిగా చేరదు. కాబట్టి సిమెంటు తక్కువ వాడే కట్టడాల వైపు బిల్డరు మళ్ళడు. బొమ్మలో చూస్తే, మిల్లు తన కాలుష్య తీవ్రతను సరిచేసుకుంది గానీ, మార్కెట్ ఇంకా 3వ ప్రశ్నలో చెప్పిన ఆ త్రిభుజంలోనే కొంత దూరం లోపల ఉంది.